‘కంటిన్యూ చెయ్యి’ అని ఊరుకున్నారు: ఇప్పుడు ఏం రాయాలి?

ఇద్దరు కలిసి వంతులవారీగా కథ రాస్తున్నారు. మీ వంతు పంపారు, వాళ్ల వంతు వచ్చింది, మళ్లీ మీరు పంపారు. ఈసారి అవతలి నుంచి కథ రాలేదు, ‘కంటిన్యూ’ అన్న ఒక్క మాట వచ్చింది. ఏం కావాలో చెప్పలేదు, ఏం నచ్చలేదో చెప్పలేదు. ఇక్కడే చాలా కథలు దారి తప్పుతాయి. ఎలా తప్పాయో చూసి ఎందుకు తప్పాయో పట్టుకోవచ్చు. కింద రాసినవాటిలో చాలావరకు నేను చేసి, దిద్దుకున్న తప్పులే.

ముందు ఒక మాట. కథలో ఎత్తుకుని, ముడి వెయ్యకుండా వదిలేసిన విషయాన్ని నేను ‘కొస’ అంటాను. జవాబు రాని ప్రశ్న, ఇచ్చిన మాట, ఎవరికీ తెలియని అబద్ధం, దగ్గర పడుతున్న గడువు, చూపించి పక్కన పెట్టిన వస్తువు, అన్నీ కొసలే.

సమస్య: ఏమీ తోచక కొత్త మనిషినో, కొత్త ప్రమాదాన్నో దింపారు. కథ ఒక్కసారిగా పరాయిదైపోయింది.

మా కథ ఇది. రాత్రిపూట లారీ. డ్రైవర్ పాత్ర నాది. దారిలో లిఫ్ట్ అడిగి ఎక్కిన ఆవిడ పాత్ర నా తోటి రచయిత్రిది. ఆమె చివరగా రాసిన ముక్క:

‘డీజిల్ ముల్లు ఎర్ర గీత మీదకి వాలింది. డ్రైవర్ ఆమె వైపు చూశాడు. “వంతెన దాటేదాకా ఆపొద్దన్నాను కదా” అంది. ఒళ్లో సంచీ మాత్రం దించలేదు. డాష్‌బోర్డు అరలో ఏదో గుయ్యిమంది. ఆమె అటు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.’

దీని తర్వాత నేను రెండు వాక్యాలు, అదీ వానా చీకటీ గురించి, రాసి పంపాను. ‘కంటిన్యూ’ అంది. సరే అని ఇలా రాశాను: ‘అంతలో వెనక నుంచి ఒక జీపు లైట్లు ఆర్పేసుకుని దూసుకొచ్చింది.’ మళ్లీ ‘కంటిన్యూ’. అప్పటికి నాకు అర్థమైంది, జీపు ఆమెకి అక్కర్లేదని. అసలు నాకే అక్కర్లేదు, భయపడి తెచ్చాను.

కారణం: ‘కంటిన్యూ’ని ‘కొత్తదేదైనా చూపించు’ అని చదువుకోవడం. నిజానికి ఆ మాటకి ఎక్కువసార్లు ‘ఉన్నదాన్ని కదిలించు’ అని అర్థం. పేజీ మీద ఉన్నవి కనిపించకపోతేనే బయట నుంచి తెచ్చుకోవాలనిపిస్తుంది.

పరిష్కారం: రాయడం ఆపి, మొదటి వంతు నుంచి మళ్లీ చదివి, కాగితం మీద కొసల జాబితా వెయ్యాలి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు: ఎవరు వదిలారు, చివరగా ఎప్పుడు తాకారు, కథలో ఎవరెవరికి తెలుసు. కథ పొడుగైతే మొదటి వంతూ, చివరి నాలుగైదు వంతులూ చదివినా చాలు.

కొసల్ని పట్టుకోవడానికి తెలుగులో కొన్ని ఆనవాళ్లున్నాయి. ‘మాత్రం’, ‘ఇంకా’, ‘తర్వాత చెప్తాను’, ‘ఏమీ అడగలేదు’ లాంటివి ఎక్కడ కనిపించినా ఆగి చూడండి. ‘సంచీ ఒళ్లో ఉంది’ అంటే అది వర్ణన. ‘సంచీ మాత్రం దించలేదు’ అంటే రాసినావిడ వేలు పెట్టి చూపిస్తోందన్నమాట. ‘అడగలేదు’ అనడంలోనే అడగాల్సిన ప్రశ్న ఉంది. అలాగని ప్రతి వివరమూ కొస కాదు. దీన్ని ఇక ఎప్పుడూ ఎత్తకపోతే చదివేవాళ్లు ‘అదేమైంది?’ అని అడుగుతారా అని చూసుకోండి. వాన ఆగిపోయిందా అని ఎవరూ అడగరు. సంచీలో ఏముందని అడుగుతారు.

మా జాబితాలో ఐదు తేలాయి. డీజిల్ నేను రెండు వంతుల ముందు ఎత్తాను, ఆమె ఎర్ర గీత దాకా తెచ్చింది. వంతెన దాటేదాకా ఆపొద్దన్న షరతు ఆమెది, రెండుసార్లు చెప్పింది. సంచీ ఆమెది. ఫోన్ నాది: ఎక్కిన కొత్తలో ఆవిడ అడిగితే ‘నా దగ్గర ఫోన్ లేదు’ అని డ్రైవర్ చేత చెప్పించాను, ఇప్పుడది అరలో మోగింది. ఐదోది చూసి నేనే తెల్లబోయాను. మొదటి వంతులో ఆవిడ లారీ ఎక్కినప్పుడు ‘ఒక కాలికే చెప్పు ఉంది’ అని రాసి ఉంది. ఆ తర్వాత ఇద్దరం దాని ఊసెత్తలేదు.

ఇక ఎంచుకోవడం. ముందు గడువున్న కొసని చూస్తాను, అంటే ఎవరూ ఏమీ చెయ్యకపోయినా దానంతటదే జరిగిపోయేది. ఇక్కడ డీజిల్. సంచీ పది వంతులైనా ఆగుతుంది, డీజిల్ ఆగదు. తర్వాత, ఆ కొస ఇంకే కొసకి అడ్డం పడుతోందో చూస్తాను. డీజిల్ అయిపోతే లారీ వంతెనకి ముందే ఆగుతుంది, షరతు తప్పుతుంది. రెండు కొసలు ఢీకొన్న చోటే తర్వాతి అడుగు ఉంటుందని నా లెక్క. మూడోదాన్ని వెతకక్కర్లేకుండా దానంతటదే వచ్చింది. డీజిల్ తెప్పించాలంటే ఎవరికో ఫోన్ చెయ్యాలి, ఫోన్ తీస్తే అబద్ధం బయటపడుతుంది.

జీపు కొట్టేసి ఇలా రాశాను:

‘“వంతెన దాకా రాదండీ” అన్నాడు డ్రైవర్. వేగం తగ్గించాడు గానీ ఆపలేదు. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో డాష్‌బోర్డు అర తెరిచాడు. ఫోన్ వెలుగు క్యాబిన్‌లో పాకి, చెప్పు లేని ఆమె పాదం మీద పడింది. “డీజిల్ తెమ్మని ఎవరికో ఒకరికి చెప్పాలి. చెయ్యమంటారా, వద్దా?”’

ఇందులో ఒక కొస కదిలింది, రెండు దానికి ముడిపడ్డాయి, చెప్పుని ఊరికే తాకి వదిలేశాను, సంచీ జోలికి వెళ్లలేదు. కొత్తగా ఏదీ రాలేదు. ఈసారి అవతలి నుంచి ‘కంటిన్యూ’ రాలేదు. అర పేజీ వచ్చింది, ఆవిడ మొదటిసారి సంచీ కింద పెట్టింది.

సమస్య: రాసింది బాగానే ఉంది గానీ కథ ఉన్నచోటే ఉంది.

పాత్రలు మాట్లాడుకుంటాయి, టీ తాగుతాయి, కిటికీలోంచి చూస్తాయి. వంతు చివరికి వచ్చేసరికి ఎవరికీ కొత్తగా ఏమీ తెలియదు, ఎవరి పరిస్థితీ మారదు. తప్పు చేస్తానేమోనన్న టెన్షన్‌లో ఏ కొసనీ ముట్టుకోకపోతే ఇలా అవుతుంది. అవతలివాళ్లకి ఏది ఇష్టమో తెలియనప్పుడు ఏమీ జరగనివ్వకపోవడమే మర్యాద అనిపిస్తుంది. నా వానా చీకటీ వాక్యాలు ఈ బాపతే.

మీ వంతు మొదటి వాక్యం ముందూ, చివరి వాక్యం తర్వాతా జాబితాని ఒకసారి చూడండి. రెండుసార్లూ అచ్చంగా ఒకేలా ఉంటే ఆ వంతు పంపొద్దు. మార్పు పెద్దది కానక్కర్లేదు, ఒకరికే తెలిసిన సంగతి ఇద్దరికీ తెలిసినా చాలు.

సమస్య: ఒక్క వంతులో అన్నీ తేల్చేశారు, ఇక రాయడానికి ఏమీ మిగల్లేదు.

జాబితా వెయ్యడం కొత్తగా నేర్చుకున్నవాళ్లకి పట్టే జబ్బు ఇది. జాబితా కనిపించగానే పనుల చిట్టాలా ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోతారు. సంచీ తెరుచుకుంటుంది, అబద్ధం బయటపడుతుంది, వంతెన దాటుతుంది, చెప్పు దొరుకుతుంది. ఒక వంతులో ఒక కొసకి మించి తేల్చకపోవడం నా పద్ధతి. తేల్చిన కొస చివర కూడా ఇంకోటి మొలవాలి. ఫోన్ బయటికి వచ్చింది సరే, మోగించింది ఎవరు?

సమస్య: అవతలివాళ్లు ముభావంగా అయిపోయారు.

వాళ్ల పాత్రని మీరు నడిపించేశారేమో వెనక్కి వెళ్లి చూడండి. ‘ఆమె భయపడి సంచీలోంచి కత్తి తీసింది’ అని నేను రాసి ఉంటే రెండు తప్పులు అయ్యేవి. ఒకటి, ఆమె పాత్ర భయాన్ని నేను నిర్ణయించాను. రెండు, ఆ సంచీలో ఏముందో ఆమె మనసులో ఎప్పుడో అనుకుని ఉండొచ్చు, దాన్ని చెరిపేశాను. అందుకే జాబితాలో ‘ఎవరు వదిలారు’ అన్న సంగతి రాసుకునేది. అవతలివాళ్ల కొసని వెలుగులోకి తేవచ్చు, దాని గురించి మీ పాత్ర చేత అడిగించవచ్చు, విప్పడం మాత్రం వాళ్ల పని. పాదం మీద వెలుగు పడేలా చేశాను గానీ, ఆమె పాదం వెనక్కి లాక్కున్నట్టు రాయలేదు.

సమస్య: ఎంత బాగా రాసినా మళ్లీ మళ్లీ ‘కంటిన్యూ’ అనే వస్తోంది.

మీ వంతు ఎక్కడ ఆగుతోందో చూడండి. ‘ఇద్దరూ మౌనంగా ఉండిపోయారు’, ‘లారీ చీకట్లో కలిసిపోయింది’ లాంటి ముగింపులు చదవడానికి బాగుంటాయి, కానీ అవతలివాళ్ల పాత్ర చెయ్యడానికి ఏమీ మిగల్చవు. అలాంటి చోట వాళ్లు కంటిన్యూ అనకపోతే ఏమంటారు పాపం! వాళ్ల పాత్రకి ఎదురుగా ప్రశ్నో, చాచిన చెయ్యో, ఎంచుకోవాల్సిన రెండు దారులో పెట్టి ఆపండి.

అలా ఆపినా వరసగా మూడోసారి అదే మాట వస్తే, కథలోంచి చదివి పట్టుకోగలిగింది అయిపోయినట్టే. అలసిపోయారో, ఈసారికి చదువుతూ కూర్చోవాలని ఉందో కొసల్లో కనిపించదు. అప్పుడు అడగాలి. ‘ఏం కావాలి?’ అని కాదు, దానికీ జవాబు ‘నీ ఇష్టం’ అనే వస్తుంది. ‘లారీని వంతెన ముందే ఆపనా, దాటించనా?’ అని జాబితాలోంచే రెండు తీసి అడగండి. ఒక ముఖ్య పాత్ర చనిపోవడం లాంటి, వెనక్కి తీసుకోలేనిది రాయబోతున్నా ఇంతే. మూడోసారి దాకా ఆగకుండా ముందే అడగాలి.

సమస్య: కొసలు మరీ ఎక్కువైపోయి ఏది పట్టుకోవాలో తెలియడం లేదు.

పది దాటాయంటే కొన్ని ఇప్పటికే ఎండిపోయి ఉంటాయి. ఇద్దరూ మర్చిపోయి, కథ కూడా వాటిని దాటి వచ్చేసినవి కొట్టేయొచ్చు. మొదటి వంతులో పడ్డవాటిని తీసేసే ముందు ఒకసారి అవతలివాళ్లకి చెప్పడం మంచిది, మొదట రాసినవి ఊరికే రాసినవి కాకపోవచ్చు. మా లారీ వంతెన దాటి చాలా వంతులైంది. ఆ రెండో చెప్పు ఎక్కడ పోయిందో ఇప్పటికీ ఇద్దరికీ తెలియదు. జాబితాలో మాత్రం ఉంది.