వాడిన ఉన్ని కోటు కొనే ముందు అమ్మేవారికి రాయాల్సిన ఉత్తరం

వాడిన జాకెట్ కొనేవాళ్లు అమ్మేవారిని సాధారణంగా రెండే అడుగుతారు: సైజు ఎంత, కండిషన్ ఎలా ఉంది? "40 అండి, సూపర్ కండిషన్" అని జవాబు వస్తుంది. అందులో అబద్ధం లేకపోవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని డబ్బు పంపలేం. లోపల లైనింగ్ ఉన్న ట్వీడ్ కోటును, అంటే ముతక ఉన్ని బట్టతో కుట్టినదాన్ని, ఉదాహరణగా తీసుకుందాం. అది ఇంటికొచ్చాక బయటపడే సమస్యలేమిటో, ఏ ప్రశ్న అడిగి ఉంటే అవి ముందే తెలిసేవో చూద్దాం.

సమస్య: లేబుల్ సైజు మనదే, కోటు మాత్రం పట్టలేదు

కారణం: లేబుల్ మీద 40 అని ఉంటే ఛాతీ 40 అంగుళాలున్న మనిషికి కుట్టారని అర్థం. అది కోటు కొలత కాదు. పైగా మొదటి యజమాని నడుము దగ్గర బిగువు చేయించుకుని ఉండొచ్చు, చేతులు పొట్టి చేయించుకుని ఉండొచ్చు. దర్జీ కోటును మారుస్తాడు గానీ లేబుల్‌ను మార్చడు కదా. ఇక అమ్మేవారు కొలిచి చెప్పినా ఎలా కొలిచారన్నది తేలదు. చెయ్యి పొడవును ఒకరు భుజం కుట్టు నుంచి కొలుస్తారు, ఇంకొకరు మెడ నుంచి. రెండు అంకెల మధ్య చాలా తేడా వస్తుంది.

పరిష్కారం: "ఛాతీ ఎంత?" అని అడగకుండా టేపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పి అడగండి. అంతకన్నా ముందు మీకు చక్కగా పట్టే కోటు ఒకటి బల్ల మీద పరిచి, సరిగ్గా అవే చోట్ల కొలిచి రాసిపెట్టుకోండి. ఒంటి కొలతతో పోల్చడం కన్నా కోటును కోటుతో పోల్చడమే నమ్మకం. అలాంటి కోటు లేకపోతే మీ ఛాతీ కొలతకు దాదాపు 4 అంగుళాలు కలపండి. ఛాతీ 38 అయితే కోటు చుట్టుకొలత 42 దగ్గర ఉండాలి, అంటే పరిచినప్పుడు అడ్డంగా 21.

భుజాల విషయంలో గట్టిగా ఉండండి. నడుము, చేతులు దర్జీ సరిచేయగలడు. భుజం వెడల్పు మార్చాలంటే చేతులు మొత్తం విప్పి మళ్లీ ఎక్కించాలి, ఆ ఖర్చుకు ఇంకో పాత కోటే వస్తుంది.

సమస్య: ముంజేతి దగ్గర లైనింగ్ బయటికి తొంగిచూస్తోంది, లేదా కింది అంచు ముడతపడి లోపలికి లాగుతోంది

కోటు చరిత్రంతా ఇక్కడే తెలుస్తుంది కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

కారణం: పై బట్ట, లైనింగ్ వేర్వేరు నూలుతో తయారవుతాయి, నీళ్లు తగిలితే వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. ఉన్నిని వాషింగ్ మెషీన్‌లో వేస్తే వేడికి, రాపిడికి పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని బట్ట కుంచించుకుపోతుంది, దళసరి అవుతుంది. పాలిస్టర్ లైనింగ్ మాత్రం ఉన్నంతే ఉంటుంది. అప్పుడది పొడవు ఎక్కువై బయటికి వేలాడుతుంది. ఇది తలకిందులుగానూ జరగొచ్చు: చెక్క గుజ్జు నుంచి తీసే విస్కోస్ నూలు లైనింగ్ తడిసి కుంచించుకుపోతే పై బట్ట సరిగానే ఉండి అంచు దగ్గర ముడతలు పడుతుంది.

పరిష్కారం: రెండోదైతే దర్జీ లైనింగ్ అంచు విప్పి, లోపల మడత మిగిలి ఉంటే వదులు చేస్తాడు. మొదటిదానికి మందు లేదు, కుంచించుకుపోయిన ఉన్ని పూర్తిగా వెనక్కి రాదు. అందుకే "నీళ్లలో ఉతికారా?" అన్న ప్రశ్నతో పాటు చెయ్యి అంచు ఫొటో కూడా అడగాలి. ఉతికిన సంగతి అమ్మేవారికి తెలియకపోవచ్చు, ఫొటోలో మాత్రం కనిపిస్తుంది.

సమస్య: రెండుసార్లు వేసుకోగానే చంకల్లో లైనింగ్ చినిగింది

కారణం: చెమట. విస్కోస్ తడిసినప్పుడు బలం కోల్పోతుంది, ఏళ్ల తరబడి చెమట పట్టిన చోట పోగులు నలిగిపోయి ఉంటాయి. ఇంకో కారణం, లైనింగ్‌లో వీపు మధ్య ఉండాల్సిన నిలువు మడత లేకపోవడం. చేతులు ముందుకు చాపినప్పుడు ఆ మడత విచ్చుకుని బట్టకు చోటిస్తుంది. అది లేకపోతే లాగుడంతా చంక కుట్టు మీదే పడుతుంది.

పరిష్కారం: కోటును తిరగేసి చంకలు రెండూ పగటి వెలుతురులో ఫొటో తీసి పంపమనండి. కుట్టు ఊడితే చిన్న పనే. బట్టే పీలికలవుతుంటే లైనింగ్ మొత్తం మార్చాలి, ఆ కూలి ఎంతో మీ దర్జీని అడిగి ధరలో కలుపుకోండి.

సమస్య: "ప్యూర్ ఉన్ని" అన్నారు, చేతికొచ్చింది మిశ్రమం

కారణం: తరచుగా మోసం కాదు, అమ్మేవారు పెద్ద లేబుల్ చూసి చెప్పేశారు. హారిస్ ట్వీడ్‌నే చూడండి. స్కాట్లాండ్ పడమటి దీవుల్లో నేతగాళ్లు తమ ఇళ్ల దగ్గరే నేసిన ఉన్ని బట్టకే ఆ పేరు వాడాలని బ్రిటన్‌లో 1993లో చట్టమే చేశారు. గోళం, దాని మీద శిలువ ఉన్న ముద్ర దాని గుర్తు. అయితే ఆ ముద్ర పై బట్టకు మాత్రమే పూచీ. లైనింగ్ దేనితో చేశారో, కోటు ఎవరు కుట్టారో అది చెప్పదు.

పరిష్కారం: శాతాలు రాసి ఉండే చిన్న లేబుల్ ఫొటో అడగండి. అది చాలా కోట్లలో లోపలి ఛాతీ జేబులో దాగి ఉంటుంది, అమ్మేవారు దాన్ని చూసి కూడా ఉండరు.

ఇవన్నీ కలిపితే ఉత్తరం ఇలా వస్తుంది:

> నమస్తే అండి. మీరు అమ్మకానికి పెట్టిన గోధుమరంగు ట్వీడ్ కోటు నాకు నచ్చింది. కొనే ముందు కొన్ని వివరాలు కావాలి.
>
> కోటుకు గుండీలు పెట్టి, లాగకుండా బల్ల మీద పరిచి ఈ నాలుగూ అంగుళాల్లో కొలుస్తారా? ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు వరకు అడ్డంగా. వీపు వైపు ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టు వరకు. భుజం కుట్టు నుంచి ముంజేతి అంచు వరకు. కాలర్ కింది కుట్టు నుంచి కింది అంచు వరకు వీపు పొడవు.
>
> చెయ్యి అంచు లోపల మడిచిన బట్ట ఎంత ఉందో తడిమి చెప్పగలరా? ముంజేతి గుండీలకు నిజంగా తెరుచుకునే కాజాలున్నాయా, ఊరికే కుట్టినవా?
>
> లైనింగ్ వీపంతా ఉందా, పై సగమేనా? చంకలు రెండూ, చెయ్యి అంచూ, లోపలి జేబులోని చిన్న లేబులూ ఫొటోలు పంపండి. కోటును ఎప్పుడైనా నీళ్లలో ఉతికారా? కోటును కిటికీకి అడ్డంగా పట్టుకుంటే పురుగు తిన్న చిల్లులేమైనా కనిపిస్తున్నాయా? ఛాతీ భాగంలో బట్ట బుడగల్లా ఉబ్బిందా?
>
> లోపాలున్నా ఫర్వాలేదండి, తెలిస్తే దాన్ని బట్టి నిర్ణయించుకుంటాను.

చివరి వాక్యం తీసేయకండి. లోపం చెప్తే బేరం పోతుందన్న భయం అమ్మేవారికి సహజం, ఆ మాట దాన్ని తగ్గిస్తుంది. బుడగల ప్రశ్న కూడా ముఖ్యం: చాలా కోట్లలో ఛాతీ లోపలి పొరను జిగురుతో అతికిస్తారు, ఆ జిగురు వదిలితే ఉబ్బు వస్తుంది. ఇస్త్రీతో అది నిలకడగా అతకదు. ఉబ్బు ఉందంటే ఆ కోటు వదిలేయండి. వీపంతా పాలిస్టర్ లైనింగ్ ఉన్న కోటు హైదరాబాద్ చలికాలపు మధ్యాహ్నం కూడా ఉక్కపోస్తుంది, అక్కడ సగం లైనింగ్ ఉన్నది మేలు.

ఇప్పుడు జవాబు చదవడం. మీకు పట్టే కోటు కొలతలు ఛాతీ అడ్డంగా 21, భుజం 17.5, చెయ్యి 24.5, వీపు 29 అనుకుందాం. అమ్మేవారు 20.5, 17.5, 23.5, 29 అని రాశారు. ఛాతీలో అరంగుళం తేడా అంటే చుట్టూ ఒక అంగుళం తక్కువ: చొక్కా మీద సరిపోతుంది, లోపల స్వెటర్ పట్టదు. భుజం, వీపు సరిగ్గా ఉన్నాయి. చెయ్యి ఒక అంగుళం పొట్టి. లోపల మడత అంగుళంన్నర ఉందని, కాజాలు నిజమైనవి కావని రాస్తే దర్జీ ఆ అంగుళం దింపగలడు. పాత మడత గీతను ట్వీడ్ మీద ఆవిరి ఇస్త్రీ చాలావరకు పోగొడుతుంది. కాజాలు నిజంగా కోసినవైతే కథ వేరు, చెయ్యి దింపితే కాజాలూ పైకి జరిగినట్టు కనిపిస్తాయి, వాటిని కిందికి జరపలేం.

"అన్నీ బాగున్నాయండి" అని మాత్రమే జవాబొస్తే మళ్లీ అన్నీ అడగొద్దు. చంకల ఫొటో, ఛాతీ అడ్డకొలత, ఈ రెండే అడగండి. అవి కూడా రాకపోతే డబ్బు పంపకండి.