విద్యార్థికి జీరో బ్యాలెన్స్ ఖాతా ఎలా తెరవాలి? డెబిట్ కార్డు ఎలా వాడాలి?

ఏటా కళాశాల ప్రవేశాల సమయంలో శ్రీకాకుళంలో మా బంధువుల పిల్లలను, ఇరుగుపొరుగు పిల్లలను బ్యాంకుకు తీసుకువెళ్లడం నాకు అలవాటైపోయింది. ఆధార్ కార్డు, పాన్ కార్డు, రెండు ఫొటోలు, విద్యార్థి పేరు మీదే ఉన్న ఫోన్ నంబరు ఉంటే చాలు. పాన్ లేనివారికి బ్యాంకులోనే ఒక డిక్లరేషన్ ఫారం ఇస్తారు. అన్నయ్య నంబరో, నాన్న నంబరో రాయవద్దు. ఓటీపీ వచ్చినప్పుడల్లా టెక్కలికో పలాసకో ఫోన్ చేసి అడగవలసి వస్తుంది.

ఇక అసలు జాగ్రత్త పడవలసిన చోటు ఫారంలో ఖాతా రకం రాసే గడి. కౌంటరు దగ్గర నిలబడి “జీరో బ్యాలెన్స్ ఖాతా కావాలండీ” అని మాత్రమే అడగకూడదు. ఆ మాట రెండు వేర్వేరు ఖాతాలకు వర్తిస్తుంది. మొదటిది, మినిమం బ్యాలెన్స్ లేకపోయినా జరిమానా వేయని మామూలు పొదుపు ఖాతా. అందులో నిల్వ సున్నా ఉండవచ్చు గాని, ఏటీఎం కార్డుకు ఏటా రుసుము పడవచ్చు. రెండవది, రిజర్వు బ్యాంకు 2012లో అన్ని బ్యాంకులూ ఇవ్వాలని ఆదేశించిన బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ అకౌంట్, అంటే బీఎస్‌బీడీ ఖాతా. దీనికి కనీస నిల్వ అక్కరలేదు, కార్డుకు వార్షిక రుసుము లేదు, నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. అందువల్ల ఫారంలో ఈ పేరే రాయించి, పాస్‌బుక్ చేతికి రాగానే మొదటి పేజీలో ఖాతా రకం చూసుకుని, తేడా ఉంటే కౌంటరు దగ్గర నుంచి కదలకుండానే సరిచేయించుకోవాలి.

ఈ తేడా తెలియక మా మేనకోడలు నష్టపోయింది. ఆమెకు తెరిచినది మామూలు ఖాతా. చాలాకాలం అందులో రూపాయి కూడా లేకపోవడంతో కార్డు రుసుము 200, దానిపై జీఎస్టీ 36 కలిపి 236 రూపాయలు బకాయిగా నిలిచిపోయాయి. హాస్టల్ ఖర్చుకు వాళ్ల నాన్న 500 వేసిన వెంటనే బ్యాంకు ఆ బకాయి మినహాయించుకోగా 264 మిగిలాయి. అది తెలియని పిల్ల ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఏటీఎంలో 500 నొక్కింది, డబ్బు రాలేదు. తర్వాత 300 నొక్కింది, అదీ రాలేదు. నిల్వ చాలక విఫలమైన ఒక్కొక్క ప్రయత్నానికి 23 రూపాయల 60 పైసలు కోసి, ఖాతాలో 216.80 మిగిల్చారు. చివరికి 200 తీసుకునేసరికి 16.80 మిగిలింది. బీఎస్‌బీడీ ఖాతా అయివుంటే ఆ 236 కోతే ఉండేది కాదు, మొదట నొక్కిన 500 చేతికి వచ్చేవి.

బీఎస్‌బీడీ ఖాతాకు ఒక షరతు ఉంది. అదే బ్యాంకులో ఇప్పటికే మరో పొదుపు ఖాతా ఉంటే, బీఎస్‌బీడీ తెరిచిన 30 రోజుల లోపు ఆ పాత ఖాతాను మూసివేయాలి. బడిలో ఉన్నప్పుడు ఉపకారవేతనం కోసం తెరిచి మరచిపోయిన ఖాతా ఉందేమో ఇంట్లో ముందే అడిగి తెలుసుకోండి.

ఫోన్‌లో ఐదు నిమిషాల్లో ఖాతా తెరుచుకోవచ్చు కదా అని పిల్లలు వాదిస్తారు. కేవలం ఆధార్ ఓటీపీతో తెరిచిన ఖాతాలో లక్ష రూపాయలకు మించి నిల్వ ఉండకూడదు, ఏడాది లోపు పూర్తి కేవైసీ చేయించకపోతే అది మూతపడుతుంది. ఆ పూర్తి కేవైసీ కోసం శాఖకు వెళ్లవలసి రావచ్చు కనుక, కళాశాల నుంచి నడిచి వెళ్లగలిగే శాఖలో మొదటే తెరవాలి.

కార్డు వచ్చాక పిన్ మీరే ఏటీఎంలో పెట్టుకోండి. కొత్త కార్డు మన దేశంలోని ఏటీఎంలకు, దుకాణాల స్వైపింగ్ యంత్రాలకు మాత్రమే పనిచేసే స్థితిలో వస్తుంది; ఆన్‌లైన్ వాడకాన్ని మనమే తెరవాలి. పరీక్ష రుసుము కట్టే రోజున తెరిచి, కట్టగానే మూసివేయడమే నియమం. డబ్బు తీసే ముందు నిల్వ చూసుకోండి, మా మేనకోడలిలా అంచనాతో నొక్కవద్దు. కమీషన్ ఇస్తామంటూ ఎవరైనా కార్డు, పాస్‌బుక్ అడిగితే, వారు తోటి విద్యార్థులైనా సరే, ఇవ్వవద్దు. ఆ ఖాతాలోకి మోసపు సొమ్ము వస్తే పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు ఇంటికే.

మీరు తీయని సొమ్ము పోయినట్టు సందేశం వస్తే మొదట కార్డు బ్లాక్ చేసి, బ్యాంకుకు, సైబర్ మోసాల సహాయవాణి 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి. మీ తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేని మోసాన్ని మూడు పనిదినాల లోపు తెలియజేస్తే నష్టం మీ మీద పడదు. పిన్ ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం ఫిర్యాదు చేసే క్షణం వరకు పోయినదంతా మీరే భరించాలి. ఫిర్యాదు నంబరును పాస్‌బుక్ వెనుక రాసిపెట్టుకోండి, శాఖకు వెళ్లినప్పుడు మొదట అడిగేది అదే.