సిరిమాను సీజన్ ప్రకటనలు: కస్టమర్ రాసిన పెద్ద రివ్యూను 20 సెకన్ల మాటగా కుదించే ముందు జాగ్రత్తలు

విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్లు. పల్లెల నుంచి వచ్చే జనంతో మూడు లాంతర్ల వైపు అడుగు పెట్టే సందుండదు. దుకాణాల వాళ్లు ప్రకటనలన్నీ ఆ వారానికే పెట్టుకుంటారు. కేబుల్ టీవీకొకటి, ఆటో మైకుకొకటి, వాట్సాప్ స్టేటస్‌కొకటి. "మా కస్టమర్ ఒకావిడ మంచి రివ్యూ రాశారండి, దాన్ని చిన్నది చేసి ఇవ్వండి, రేపటికల్లా కావాలి" అని అడుగుతారు. ఆ రేపటి తొందరలోనే కస్టమర్ అనని మాటలు ఆవిడ నోట్లోకి వచ్చేస్తాయి. ఎవరూ కావాలని అబద్ధం రాయరు. కుదించేటప్పుడు ఒక మాట ఊడుతుంది, దాంతో అర్థం పెరిగిపోతుంది.

ఇది ఎలా జరుగుతుందో ఒక రివ్యూ పట్టుకుని చూద్దాం. మొలకెత్తించిన చోడి పిండి అమ్మే ఒక దుకాణానికి ఒకావిడ ఇలా రాశారనుకోండి:

"ఈ మొలకల చోడి పిండి వాడబట్టి మూడు నెలలు దాటింది. మొదటి ప్యాకెట్ తెచ్చినప్పుడు అంత నచ్చలేదు. వేడినీళ్లలో వేసేసరికి ఉండలు కట్టింది, పారబోశాను. షాపాయన ముందు చన్నీళ్లలో కలుపుకోమన్నారు. అప్పట్నుంచి ఉండలు కట్టట్లేదు. మా చిన్నోడు పాలు తాగడు. ఇది బెల్లం వేసి ఇస్తే గ్లాసుడు తాగేసి బడికెళ్తున్నాడు. ఉత్తిది ఇస్తే తాగడు. మా అత్తగారికి షుగర్. ఆవిడ పొద్దున్న దీంతోనే జావ తాగుతున్నారు, మొన్న టెస్టులో షుగర్ తగ్గింది. డాక్టరుగారు మాత్రలు కూడా మార్చారు. ఇంట్లో మొలకలు కట్టి, ఎండబెట్టి, మరకు పట్టుకెళ్లే పని తప్పింది. ధర మాత్రం ఎక్కువే. కల్తీ లేదనిపిస్తోంది. జిల్లాలో ఇంత మంచి పిండి ఎక్కడా దొరకదు."

తొందరలో దీన్ని కుదిస్తే సాధారణంగా ఇలా తయారవుతుంది: "మా పిల్లలు పాలకు బదులు ఇదే ఇష్టంగా తాగుతారు! మూడు నెలల్లో మా అత్తగారి షుగర్ తగ్గిపోయింది! కల్తీ లేని చోడి పిండి, జిల్లాలోనే నంబర్ వన్!" చూడ్డానికి ప్రతి మాటా రివ్యూలోంచి వచ్చినట్టే ఉంటుంది. కానీ ఇందులో ఆవిడ అన్నది ఒక్కటీ లేదు.

అందుకని స్క్రిప్టు రాయబోయే ముందు రివ్యూను కాగితం మీద ప్రింటు తీసుకుని పెన్ను పట్టుకోండి. ఆవిడ స్వయంగా చేసినవి, కళ్లారా చూసినవి కింద గీత గీయండి: ఉండలు కట్టడం, చన్నీళ్లలో కలిపాక కట్టకపోవడం, చిన్నోడు గ్లాసుడు తాగడం, మరకు పట్టుకెళ్లే పని తప్పడం. ఆవిడ అభిప్రాయాలకు చుట్టూ సున్నా చుట్టండి: ధర ఎక్కువ, కల్తీ లేదనిపిస్తోంది. ఇక ఆవిడకు తెలిసే వీల్లేని వాటిని కొట్టేయండి. జిల్లాలోని పిండి అంతా ఆవిడ రుచి చూడలేదు కదా. గీత గీసినవే స్క్రిప్టుకు సరుకు. సున్నా చుట్టినవి వాడాలంటే అభిప్రాయంగానే వాడాలి. "కల్తీ లేదనిపిస్తోంది" ఆవిడ నమ్మకం. "కల్తీ లేనిది" అన్నారంటే అది ల్యాబ్ రిపోర్టు చూపించాల్సిన మాట.

షుగర్ సంగతి దగ్గర కాసేపు ఆగాలి, ఎక్కువమంది జారేది అక్కడే. ఆ మాట ఆవిడ నిజంగానే రాశారు, మనం కల్పించలేదు. అయినా వాడకూడదు. మొదటి కారణం ఆ రివ్యూలోనే ఉంది: డాక్టరుగారు మాత్రలు మార్చారట. అవి టెస్టుకు ముందు మారాయో తర్వాత మారాయో ఆవిడ రాయలేదు. ముందే మారి ఉంటే తగ్గింది జావ వల్లో మాత్రల వల్లో ఆవిడకూ తెలియదు, మనకూ తెలియదు. మాత్రల వాక్యం కత్తిరించి జావనూ టెస్టునూ పక్కపక్కన పెడితే, ఒక్క కొత్త అక్షరం రాయకుండానే కొత్త సంగతి పుట్టించినట్టే. రెండో కారణం చట్టం. తినే వస్తువు ఏదైనా రోగాన్ని నయం చేస్తుందని, రాకుండా ఆపుతుందని ప్రకటనల్లో చెప్పకూడదని ఆహార భద్రతా సంస్థ 2018లో తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. "కస్టమర్ అన్నారు, మేం అనలేదు" అనే వాదన నిలవదు. దుకాణం డబ్బు పెట్టి వినిపించింది కాబట్టి ఆ మాట దుకాణానిదే అవుతుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మొదటిసారే పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. వీటన్నిటికన్నా నాకు భయం వేరే ఉంది. సిరిమాను చూడ్డానికి వచ్చిన ఏ పెద్దాయనో ఆటో మైకులో ఈ మాట విని, ఒక ప్యాకెట్ కొనుక్కుని, ఇంటికెళ్లి మాత్రలు మానేస్తే?

కొందరు దుకాణదారులు "పోనీ షుగర్ ఉన్నవాళ్లు కూడా తాగుతున్నారు అని పెడదాం" అంటారు. వినేవాళ్లకు అందేది అదే సంగతి. ఆ అత్తగారి భాగం మొత్తం వదిలేయడమే మంచిది.

ఇక చిన్న మాటలు. కుదించేటప్పుడు మొట్టమొదట ఎగిరిపోయేవి అవే. "మా చిన్నోడు" కాస్తా "పిల్లలు" అవుతుంది. ఒక ఇంట్లో ఒక పిల్లాడి సంగతి అందరి పిల్లల సంగతి అయిపోతుంది. "బెల్లం వేసి ఇస్తే" తీసేశారంటే ఉత్తి పిండి కలిపినా తాగుతాడన్న అర్థం వస్తుంది. ఉత్తిది తాగడని ఆవిడే రాశారు. అలాగే "పాలు తాగడు, ఇది తాగుతున్నాడు" అన్నదాన్ని "పాలకు బదులు" అని మార్చకండి. పాలల్లో ఉండేదంతా ఇందులో ఉందని ఆవిడ చెప్పలేదు. వాక్యాల వరస మార్చినా ఇదే ప్రమాదం. "మూడు నెలలు" అన్నది ఆవిడ పిండి వాడుతున్న కాలం. దాన్ని తీసుకెళ్లి చిన్నోడి పక్కన పెడితే వాడు మూడు నెలల నుంచి రోజూ తాగుతున్నాడన్న మాట పుడుతుంది. మా, కొంచెం, అనిపిస్తోంది, వేసి ఇస్తే, ఇప్పటికైతే లాంటివి పక్కన రాసి పెట్టుకుని, స్క్రిప్టు అయ్యాక అవి ఉన్నాయా లేవా అని ఒక్కొక్కటీ చూసుకోండి.

ఇప్పుడు కుదిద్దాం. మామూలు వేగంతో మాట్లాడితే 20 సెకన్లలో 35, 40 తెలుగు మాటలకు మించి పట్టవు. అందులో ఒకటే సంగతి చెప్పగలం. నేనైతే ఉండలూ చిన్నోడూ ఉన్న భాగం తీసుకుంటాను. అందులో ఒక ఇబ్బంది ఉంది, అది తీరిన దారి ఉంది, ఆ తర్వాత ఇంట్లో జరిగింది ఉంది:

"మొదటి ప్యాకెట్ తెచ్చినప్పుడు అంత నచ్చలేదు. వేడినీళ్లలో వేసేసరికి ఉండలు కట్టింది. షాపాయన ముందు చన్నీళ్లలో కలుపుకోమన్నారు. అప్పట్నుంచి ఉండలు కట్టట్లేదు. మా చిన్నోడు పాలు తాగడు. ఇది బెల్లం వేసి ఇస్తే గ్లాసుడు తాగేసి బడికెళ్తున్నాడు. ధర మాత్రం ఎక్కువే."

మొత్తం 30 మాటలు. ఊపిరి తీసుకోవడానికి, ఒకచోట నవ్వడానికి కూడా సమయం మిగులుతుంది. కొత్తగా చేర్చింది ఏదీ లేదు, వరస కూడా ఆవిడదే. "నచ్చలేదు"తో మొదలుపెట్టడానికి దుకాణదారు ఒప్పుకోకపోవచ్చు. కానీ వినేవాళ్లు చెవి ఒగ్గేది ఆ మాటకే. పొగడ్తతో మొదలైతే అది ప్రకటన అని మొదటి సెకనులోనే పోల్చేస్తారు. ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా ఉంది. "వేడినీళ్లలో వేసేసరికి" అన్నది తీసేస్తే పిండే బాగోలేదని అర్థమొస్తుంది, అది దుకాణానికి అన్యాయం. కుదింపు రెండు వైపులా న్యాయంగా ఉండాలి. ధర మాట తప్పనిసరి కాదు గానీ, వీలైతే ఉంచండి. దుకాణదారు మరీ పట్టుబడితే తీసేయవచ్చు, ఎందుకంటే మిగతా మాటలు దాని మీద ఆధారపడి లేవు. ఉండల సంగతి మాత్రం తీయడానికి లేదు, అది తీస్తే "అప్పట్నుంచి" అన్న మాటకు అర్థమే ఉండదు.

ఆవిడ భాషను దిద్దొద్దు. "గ్లాసుడు తాగేసి" అన్నదాన్ని "ఒక గ్లాసు పూర్తిగా సేవిస్తున్నాడు" అని మార్చిన క్షణమే మనిషి మాయమైపోతుంది. "చోడి" చోట "రాగి" అని రాయకండి. మన వైపు ఇళ్లలో వినిపించేది చోడే. అలాగని ఆవిడ వాడని యాసను తెచ్చి అతికించడం ఇంకా తప్పు. ఆవిడ "నేను" అని రాస్తే, ఊరి రుచి కోసమని దాన్ని "నాను" చేయకండి.

స్క్రిప్టు పూర్తయ్యాక దుకాణదారుకు పంపే ముందు ఆవిడకు ఫోన్ చేసి చదివి వినిపించండి. "అమ్మా, ఇవి మీ మాటలేనా? ఇప్పటికీ ఇలాగే ఉందా? చిన్నోడు ఇంకా తాగుతున్నాడా?" అని అడగండి. ఎప్పుడో రాసిన అభిప్రాయం కాకుండా, చెప్పే మనిషి నిజంగా ఇప్పుడు అనుకుంటున్నదే ప్రకటనలో ఉండాలని ప్రకటనల మీద 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. వాడు తాగడం మానేశాడని చెబితే ఆ స్క్రిప్టు పక్కన పెట్టేయాల్సిందే. ఒప్పుకుంటే ఆ ఒప్పుదలను వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపమనండి, ఎక్కడెక్కడ వినిపిస్తామో కూడా చెప్పి. కేబుల్ టీవీకి సరేనన్నావిడ ఆటో మైకుకు వద్దనొచ్చు. పేరు, ఊరు, పిల్లాడి ముఖం అన్నీ విడివిడిగా అడగాల్సినవి. ఒకదానికి ఒప్పుకున్నంత మాత్రాన అన్నిటికీ ఒప్పుకున్నట్టు కాదు.

ఆవిడ కెమెరా ముందుకు రానంటే వేరే ఆవిడ చేత చెప్పించవచ్చు, కానీ "కస్టమర్ మాటలు, గొంతు వేరొకరిది" అని తెర మీద చదవడానికి వీలయ్యేంత అక్షరాల్లో వేయండి, మైకులోనైతే పలికించండి. ప్రకటన కోసం ఆవిడకు ఉచితంగా ప్యాకెట్లు ఇచ్చినా, ఆవిడ దుకాణదారుకు చుట్టమైనా అదీ చెప్పాల్సిందే. విజయనగరం లాంటి ఊళ్లో చుట్టరికం దాగదు. ఎవరి మేనకోడలో బజారుకు ఇట్టే తెలిసిపోతుంది, అప్పుడు అసలు నిజమైన మాట కూడా అబద్ధం కిందే పోతుంది.

ఇవన్నీ తొలేళ్ల ముందురోజు రాత్రి అయ్యే పనులు కావు. వినాయక చవితి వెళ్లగానే రివ్యూలు ఏరి పెట్టుకుంటే ఫోన్లు చేయడానికి, వద్దన్నవాళ్ల చోట ఇంకొకరిని వెతకడానికి తీరిక ఉంటుంది. అసలు రివ్యూ, గీతలు గీసిన కాగితం, చివరి స్క్రిప్టు, వాయిస్ మెసేజ్ నాలుగూ ఒకే ఫోల్డర్‌లో తేదీతో దాచండి. సంక్రాంతికి అదే ప్రకటన మళ్లీ వేద్దామని దుకాణదారు అడిగితే, ఆవిడకు మళ్లీ ఒకసారి ఫోన్ చేయండి. ఈలోపు పిండి తెచ్చే చోటు మారిందేమో దుకాణదారునూ అడగండి. మారి ఉంటే ఆ మాటలు పాత పిండివి, కొత్తదానికి కొత్త కస్టమర్ కావాలి.