రెండో పెళ్ళి చేసుకుని ఇద్దరి పిల్లల్నీ ఒకే ఇంట్లో పెట్టబోయేవాళ్ళు ముందు ఇది చదవండి

పోయిన వారం కావలిలో మా వీధి పిల్లాడు ట్యూషన్ నుంచి ఇంటికి పోకుండా రైలెక్కేశాడు. పదమూడేళ్ళు వాడికి. రాత్రి పదింటికి సింగరాయకొండ స్టేషన్లో బెంచీ మీద దొరికాడు. వాళ్ళమ్మ పోయి మూడేళ్ళు, వాళ్ళ నాన్న మార్చిలో మళ్ళీ చేసుకున్నాడు. వీడికి తొమ్మిదేళ్ళ చెల్లెలుంది, వచ్చినామెకి పదకొండేళ్ళ పాప ఉంది. ఆమె చెడ్డది కాదు, నేను దగ్గర్నుంచి చూశా. ఈ వేసవిలో మా వైపు ఇట్టాంటి పెళ్ళిళ్ళు ఇంకో రెండు అయినాయి, స్కూళ్ళు తెరిచేలోపు వాళ్ళూ ఒకే ఇంట్లోకి చేరతారు, అందుకే రాస్తున్నా. తేడా చూపించొద్దు, ప్రేమగా చూసుకోండి అని అందరూ చెప్తారు కాబట్టి అది నేను చెప్పను.

ఇరవై ఏళ్ళుగా ట్యూషన్ చెప్తున్నా, నేను చూసిన ఇళ్ళు చెడింది ఒకే తప్పు దగ్గర. కన్నవాళ్ళు పక్కకి తప్పుకొని కొత్తగా వచ్చినవాళ్ళ చేత పిల్లల్ని తిట్టించడం.

ఈ ఇంట్లో జరిగిందీ అదే. పిల్లాడు రాత్రిళ్ళు ఫోన్ వదలట్లేదు. నాన్న షాపు కట్టేసి వచ్చేసరికి పదవుతుంది, "ఇంట్లో ఉండేది నువ్వేగా, నువ్వే చూసుకో" అన్నాడు భార్యతో. ఆమె ఫోన్ లాక్కుంది. వాడు "నువ్వేమన్నా మా అమ్మవా" అన్నాడు. నాన్న వచ్చి ఆ మాటకి కొట్టాడు. ఇంక ఫోన్ సంగతి ఎవరికీ గుర్తులేదు, వాడికి మిగిలింది ఒక్కటే, నాన్న కూడా అటు పోయినాడని. ఆమె తన కూతుర్ని రోజూ అంతకన్నా గట్టిగానే అరుస్తుంది, ఆ పాప అన్నం తినే టైముకి మర్చిపోతుంది, ఎందుకంటే దాని వెనక పదకొండేళ్ళ ఎత్తుకోడాలు, జ్వరాలకి మేలుకోడాలు ఉన్నాయి. వీడి దగ్గర ఆమెకి మూడు నెలలే ఉన్నాయి. అదే మాట, అదే గొంతు, కానీ వీడికి అది బయటి మనిషి తిట్టినట్టే.

మరి ఏం చేయాలంటే, రూలు నాన్న నోటితోనే రావాలి, ముగ్గురు పిల్లల్నీ కూర్చోబెట్టి అందరి ముందూ. తొమ్మిదింటికి ఫోన్లు ఫ్రిజ్ మీద, ముగ్గురివీ. నాన్న లేనప్పుడు ఆమె "మీ నాన్న తొమ్మిదికి పెట్టేయమన్నాడు నాయనా" అని గుర్తు చేయాలి, అంతే. పెట్టకపోతే లాక్కోవద్దు, ఆయనకి చెప్పాలి, ఆ రాత్రే ఆయన పిల్లాడితో విడిగా మాట్లాడాలి, ఎంత అలసటగా ఉన్నా సరే. ఆమె కూతురి విషయంలో ఆయనా అట్టాగే, తిట్టేది తల్లే. ఇది రెండు మూడు నెలలతో అయ్యేది కాదు, చిన్నపిల్లలకైనా ఏడాదో రెండేళ్ళో పడుతుంది, పది దాటినవాళ్ళకి ఇంకా ఎక్కువే. షూ చిరిగిందనో కడుపునొప్పి అనో నాన్న కంటే ముందు ఆమెకే చెప్పడం మొదలుపెడితే అప్పుడు కాస్త గట్టిగా మాట్లాడొచ్చు, అంతకుముందు వద్దు.

మళ్ళీ చెప్తున్నా, కన్నవాళ్ళే తిట్టాలి.

పిలుపు దగ్గర బలవంతం వద్దు, పిన్ని అంటే పిన్నే, అమ్మా అనమని పోరొద్దు. పోయినామె ఫోటో గోడ మీద నుంచి తీయొద్దు, తద్దినం మానొద్దు. ఆమె నగలు ఆమె పిల్లలకే ఉంచాలి, లాకర్లో పెట్టి లెక్క రాసి అమ్మమ్మకి ఒక కాపీ ఇవ్వండి. చేపల పులుసు చేసిన రోజు ముక్కలు పెద్దవాళ్ళే వడ్డించండి, గిన్నె మధ్యలో పెట్టొద్దు, నవ్వకండి, నేను చూసిన గొడవల్లో సగం కంచం దగ్గర పుట్టినవే. పండక్కి ఒక అమ్మమ్మ తన మనవళ్ళకే బట్టలు తెస్తే ఆవిడ్ని ఆపొద్దు, మిగతా పిల్లలకి అదే రోజు మీరు కొనండి. కొత్తగా వచ్చిన పాపకి మొదటిరోజే తనదంటూ ఒక అలమర అర ఉండాలి, అది ఈ పిల్లలది లాక్కుని ఇచ్చింది కాకూడదు.

ఆస్తి సంగతి ఇప్పుడే. హిందూ వారసత్వ చట్టంలో ఆయన ఆస్తికి ఆయన కన్న పిల్లలు వారసులు, ఆమె కూతురు కాదు, ఇవ్వాలనుకుంటే వీలునామానో గిఫ్ట్ డీడో రాయాల్సిందే. ఆ పాపకి కన్నతండ్రి నుంచి వచ్చిన పొలం ఉంటే మైనరు ఆస్తి అది, కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మకూడదు, ఈ ఇంటి అప్పుకి దాన్ని ముట్టుకోవద్దు.

పిల్లాడు కనపడకపోతే బంధువులందరికీ ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు, ముందు 112కో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో చేయండి.

తిట్టించొద్దు. మీ పిల్లాడ్ని మీరే తిట్టుకోండి.

ఆ పిల్లాడు ఇప్పుడు రాత్రి అన్నం వాళ్ళ నాన్న వచ్చాకే తింటున్నాడు, పదైనా సరే. ఆమె బాధపడి నన్నడిగింది, ముందే తినమని చెప్పనా టీచరమ్మా అని. చెప్పొద్దమ్మా, వేడిగా ఉంచు చాలు అన్నా.