జాయింట్ ఇచ్చినా పక్కనే పగులుతోందా? ముందు జాయింట్‌లోకి స్కేలు దించి చూడండి

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే రకం. ఎక్స్‌పాన్షన్ జాయింట్ ఇచ్చారు, డ్రాయింగ్‌లో ఉన్నచోటే ఇచ్చారు, అయినా దానికి జానెడు దూరంలో పగులు, ఎండాకాలంలో టైల్స్ గుడారంలా పైకి లేవడం, పిట్టగోడ నిలువునా చీలడం. వెంటనే కాంక్రీట్ మీదో, టైల్స్ గమ్ మీదో, మేస్త్రీ మీదో అనుమానపడతారు. పగుల్లో సిమెంటు పాలు పోసి పూడుస్తారు, ఆరు నెలలకు అదే గీత మీద మళ్లీ తెరుచుకుంటుంది. ఇంత ఖర్చు పెట్టేవాళ్లు జాయింట్ అడుగు దాకా ఖాళీగా ఉందో లేదో మాత్రం చూడరు. దానికి పట్టేది పది నిమిషాలే.

రెండు రకాల జాయింట్లను కలిపేసుకోకండి. ఎక్స్‌పాన్షన్ జాయింట్ అంటే రెండు భాగాల మధ్య పూర్తి ఖాళీ. వేడికి సాగినప్పుడు ఒకదాన్నొకటి నెట్టుకోకుండా ఉండడానికి. కంట్రోల్ జాయింట్ అంటే పైనుంచి కోసిన గాటు. కాంక్రీట్ ఆరి కుంచించుకునేటప్పుడు ఎలాగూ పగులుతుంది కాబట్టి ఆ పగులు మనం గీసిన గీత కిందే రావడానికి. మొదటిది కదలాలి, రెండోది పగలాలి. ఆ పని జరగనివ్వకుండా ఏదో అడ్డుపడినప్పుడే పక్కన పగులు కనిపిస్తుంది.

లక్షణం: జాయింట్‌కి సమాంతరంగా, అడుగు లోపు దూరంలో పగులు

నేను మోసపోయిన చోటు ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. పైకి జాయింట్ కనిపిస్తుంది, అందులో నింపిన రబ్బరులాంటి సీలెంట్ కూడా నీట్‌గా ఉంటుంది. కానీ జాయింట్ లోపల బిగుసుకుపోయి ఉంటుంది. అంటే స్లాబ్‌లో ఖాళీ ఉన్నా దాని మీద వేసిన ఏదో ఒక పొర, అది గచ్చు మాలు కావచ్చు, టైల్ కావచ్చు, ప్లాస్టరింగ్ కావచ్చు, రెండు వైపులనూ కలిపి పట్టుకుని ఉంటుంది. పై పొరలు వేసే మనిషికి కింద జాయింట్ ఉందని ఎవరూ చెప్పరు, చెప్పినా ఆ గీత తన టైల్స్ లైనుకి కుదరదు.

ఒక కేసు చెబుతాను. 48 మీటర్ల పొడవున్న డాబా, సరిగ్గా మధ్యలో, 24 మీటర్ల దగ్గర, 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పాన్షన్ జాయింట్. కింద జంట స్తంభాలు, అంతా పద్ధతిగానే ఉంది. మూడో ఎండాకాలంలో మధ్యలో ఒక వరస టైల్స్ లేచాయి, చలికాలం వచ్చేసరికి ఆ పక్కనే పొడవునా పగులు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పైన సీలెంట్ చూసి జాయింట్ బాగానే ఉందనుకున్నాను. ఊడిన టైల్స్ తీయించి కొత్త గమ్‌తో వేయించాను. మరుసటి ఎండాకాలం మళ్లీ లేచాయి.

రెండోసారి వెళ్లినప్పుడు చూస్తే, పిట్టగోడలో జాయింట్ గీత ఒకచోట ఉంది, టైల్స్‌లో సీలెంట్ గీత ఇంకోచోట ఉంది. మధ్య దూరం 180 మిల్లీమీటర్లు. టైల్స్ 600 మిల్లీమీటర్లవి. అసలు జాయింట్ ఒక టైల్ మధ్యలో పడుతోందని, టైల్ కోస్తే బాగోదని, మేస్త్రీ దాన్ని పక్కనున్న టైల్ అంచుకి జరిపాడు. సీలెంట్ ఉన్నచోట కింద గట్టి స్లాబ్, అక్కడ కదలికే లేదు. కదలిక ఉన్నచోట పైన గట్టిగా అంటించిన టైల్. సీలెంట్ కోసి స్టీల్ స్కేలు దించితే గచ్చు మాలుకి తగిలి ఆగిపోయింది. అసలు గీత మీద టైల్ తీసి చూస్తే స్లాబ్ ఖాళీలో కూడా పైన 60 మిల్లీమీటర్ల లోతు వరకు మాలు దిగి గడ్డకట్టి ఉంది.

అక్కడ ఎంత కదలిక రావాలో లెక్క వేయడం సులభం. కాంక్రీట్ ఒక డిగ్రీకి తన పొడవులో సుమారు లక్షో వంతు సాగుతుంది. ప్రతి సగం 24 మీటర్లు, తన మధ్య నుంచి రెండు వైపులా సాగుతుంది, కాబట్టి జాయింట్ దగ్గరికి ఒక్కో వైపు నుంచి 12 మీటర్ల వాటా వస్తుంది, మొత్తం 24. చలికాలం తెల్లవారుజాముకీ ఎండాకాలం మధ్యాహ్నానికీ స్లాబ్ వేడిలో తేడా 35 డిగ్రీలు అనుకుంటే:

```
0.00001 × 24000 × 35 = 8.4 మి.మీ.
```

అంత కదలికని అంటించిన టైల్ ఆపలేదు, అది లేవాలి లేదా విరగాలి. మాలు గట్టిగా పట్టేస్తే డాబా మొత్తం ఒకే 48 మీటర్ల ముక్కలా పనిచేస్తుంది, అప్పుడు రెండు చివర్లలో కదలిక దాదాపు రెట్టింపవుతుంది. అందుకే ఆ బిల్డింగ్‌లో చివరి గదుల గోడల్లో, స్లాబ్ కిందే, ఏటవాలు పగుళ్లు కూడా ఉన్నాయి. వాటిని వేరే సమస్య అనుకుని విడిగా పూడుస్తూ వచ్చారు.

*ఖాయం చేసుకోవడం ఎలా*

స్కేలు లేదా గట్టి తీగ ప్రతి మీటరుకీ ఒకచోట దించండి, అడుగు దాకా వెళ్లాలి. జాయింట్ పొడవునా ఒక్కచోట గడ్డ ఉన్నా చాలు, బిగుసుకోవడానికి. థర్మోకోల్ షీట్ తగిలితే పరవాలేదు, అది నొక్కుకుంటుంది. ఠంగుమని రాయి శబ్దం వస్తే అది మాలు. తర్వాత జాయింట్‌కి అటూ ఇటూ రెండు చిన్న మేకులు, పగులుకి అటూ ఇటూ రెండు మేకులు ఎపాక్సీతో అంటించండి. ఉదయం ఆరింటికీ మధ్యాహ్నం మూడింటికీ వెర్నియర్‌తో దూరం కొలవండి, మూడు రోజులు. ఆ డాబా మీద జాయింట్ దగ్గర తేడా 0.1 మిల్లీమీటరు, పగులు దగ్గర 1.4. జాయింట్ చేయాల్సిన పని పగులు చేస్తోందన్నమాట. రెండు చోట్లా తేడా లేకపోతే కదలిక వల్ల వచ్చిన పగులు కాదు, వేరే కారణం వెతకాలి.

*సరిచేయడం*

స్లాబ్‌లోని అసలు గీతని పిట్టగోడ నుంచి, కింద సీలింగ్ నుంచి పైకి తెచ్చి దారం కొట్టండి. ఆ గీత మీద టైల్, గచ్చు రెండూ కలిపి 25 మిల్లీమీటర్ల వెడల్పున గ్రైండర్‌తో కోసేయండి. టైల్ మధ్యలో పడితే మధ్యలోనే కోయాలి, చూడ్డానికి బాగుండదని జరపకండి. లోపలి మాలుని సన్నటి ఉలితో, పొడవాటి చదును కడ్డీతో తీసి, బ్లోయర్‌తో దుమ్ము ఊదేయండి. తీసేటప్పుడు అడ్డంగా ఇనుప ఊచలు కనిపిస్తే ఆగండి. అవి పొరపాటున వదిలేసినవో, కావాలని పెట్టినవో డిజైన్ చేసిన ఇంజనీర్ చూడకుండా కోయకూడదు.

తర్వాత వాటర్‌ప్రూఫింగ్. షీట్‌ని జాయింట్ మీద బిగుతుగా లాగి అంటిస్తే మొదటి చలికాలమే చిరుగుతుంది, ఖాళీలోకి కొంచెం వదులుగా దించి మడత ఇవ్వాలి. దాని పైన బ్యాకర్ రాడ్ అనే మెత్తటి నురుగు కడ్డీ, ఖాళీ కంటే పావు వంతు లావుది, అంటే సుమారు 30 మిల్లీమీటర్లది. దాని మీద సీలెంట్, వెడల్పులో సగం లోతు, 12 మిల్లీమీటర్లు చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ కాలం నిలుస్తుందనుకుంటారు, జరిగేది తిరగబడి ఉంటుంది. మందంగా ఉన్నది సాగలేక అంచు దగ్గర ఊడుతుంది. రెండు పక్కలకే అంటాలి, అడుగుకి అంటకూడదు, రాడ్ పెట్టేది ప్రధానంగా అందుకే. మండుటెండలో నింపకండి. అప్పుడు ఖాళీ అన్నిటికంటే ఇరుగ్గా ఉంటుంది, చలికాలంలో సీలెంట్ పూర్తి 8 మిల్లీమీటర్లు సాగాల్సి వస్తుంది, 25 శాతం సాగే రకం దాన్ని తట్టుకోదు. ఉదయం పూట, మధ్యస్థంగా ఉండే వాతావరణంలో నింపండి.

పిట్టగోడని మర్చిపోకండి. గోడ, దాని మీది బిళ్ల, రెండు వైపుల ప్లాస్టరింగ్, అన్నీ అదే గీత మీద విడిపోవాలి. ఆ డాబాలో పిట్టగోడలో గీత కనిపించేది కానీ లోపలి ముఖం మీద ప్లాస్టరింగ్ కప్పేసి ఉంది, అందుకే అదీ చీలింది. అన్నీ కోసి నింపాక మేకుల దగ్గర మళ్లీ కొలిస్తే ఒక్క రోజులో జాయింట్ 2.9 మిల్లీమీటర్లు కదిలింది. పాత పగుళ్లని ఆ తర్వాతే పూడ్చాం.

డాబా టైల్స్‌కి ఇంకో మాట: స్లాబ్ జాయింట్ ఒక్కటే సరిపోదు. ఎండ తగిలే టైల్స్‌లో ప్రతి 2.5 నుంచి 3.5 మీటర్లకి మెత్తటి జాయింట్ ఉండాలి, గోడకి ఆనే అంచు చుట్టూ కూడా. అంచు దగ్గర గ్రౌట్ నింపేస్తే మధ్యలో లేస్తాయి.

లక్షణం: నేల మీద వేసిన కాంక్రీట్ ఫ్లోర్‌లో గాటు ఉంది, పగులు మాత్రం మధ్యలో వచ్చింది

చాలాసార్లు గాటు ఆలస్యంగా కోయడమే కారణం. మామూలు కటింగ్ మిషన్‌తో అయితే ఫినిషింగ్ తర్వాత ఎండల్లో నాలుగు గంటలకే, చల్లని రోజుల్లో పన్నెండు గంటల లోపు కోసేయాలి. రేపు పొద్దున చూద్దాం అనుకుంటే రాత్రికే పగిలి ఉంటుంది, కంటికి కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. కోసేటప్పుడు అంచు రాళ్లు ఊడుతుంటే తొందరపడ్డట్టు, బ్లేడు కంటే ముందు పగులు పరుగెడుతుంటే ఆలస్యమైనట్టు. లోతు కనీసం మందంలో పావు వంతు. 150 మిల్లీమీటర్ల ఫ్లోర్‌కి 40 మిల్లీమీటర్ల దాకా వెళ్లాలి, పైపైన గీరితే పగులు దాన్ని పట్టించుకోదు.

దూరం మందానికి 24 నుంచి 30 రెట్లు, ఇదే ఫ్లోర్‌కి 3.6 నుంచి 4.5 మీటర్లు. గడులు చతురస్రానికి దగ్గరగా ఉండాలి, పొడవు వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దాటితే మధ్యలో అడ్డంగా పగులుతుంది. స్తంభం చుట్టూ విడిగా డైమండ్ ఆకారంలో ఖాళీ ఇచ్చి దాని మూలల్లోకి గాట్లు చేరేలా గీయండి, లోపలికి తిరిగిన ప్రతి మూల నుంచీ ఒక గాటు బయల్దేరాలి. కాంక్రీట్ లోపలి ఇనుప మెష్, జాయింట్‌ని దాటి మొత్తం కొనసాగితే గాటు తెరుచుకోదు, అక్కడ ఒక తీగ విడిచి ఒకటి కత్తిరించాలి. వచ్చేసిన పగులు సన్నగా ఉంటే దాన్నే జాయింట్‌గా ఒప్పుకుని అంచులు కోసి సీలెంట్ నింపండి.

లక్షణం: పొడవాటి గోడలో నిలువు పగులు

ఇక్కడ ముందు గోడ దేనితో కట్టారో చూడండి. సిమెంట్ బ్లాకు ఆరి కుంచించుకుంటుంది, దానికి కంట్రోల్ జాయింట్ కావాలి, ఎత్తుకి ఒకటిన్నర రెట్ల దూరంలో లేదా ఏడు మీటర్లకి, ఏది తక్కువైతే అది. కాల్చిన ఇటుక తడి పీల్చుకుని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతుంది, దానికి మెత్తగా నొక్కుకునే ఖాళీ కావాలి, అందులో మాలు పడకూడదు. చోటు విషయంలో రెండిటికీ ఒకటే: ఎత్తు మారేచోట, మూలకి దగ్గరగా, తలుపు కిటికీల అంచున. సున్నం కొట్టే ముందు ప్లాస్టరింగ్ జాయింట్ మీదుగా వెళ్లిందేమో చూడండి, దాదాపు ఎప్పుడూ వెళ్లే ఉంటుంది.

అరుదైనవి

పగులుకి ఒక వైపు మట్టం దిగిపోయి ఉంటే, లేదా ఒక చివర సన్నగా మొదలై రెండో చివరకి వెడల్పవుతూ పోతే అది పునాది కుంగడం, జాయింట్లతో సంబంధం లేదు. తుప్పు మరక కారుతుంటే ఊచల సమస్య. సాలెగూడులా అన్ని వైపులా సన్నటి గీతలుంటే చాలావరకు పైపొర త్వరగా ఎండిపోవడమే, క్యూరింగ్ ఎలా చేశారో అడగండి.