ఫ్లాట్‌మేట్స్‌లో ఒకరు ముందే వెళ్లిపోతే డిపాజిట్, బ్రోకర్ ఫీజు, ఫర్నిచర్ లెక్క ఎలా తేల్చాలి

ఆగస్టులో జెర్సీ సిటీ వెళ్తున్న భీమవరం, తణుకు కుర్రాళ్లు ముగ్గురు మొన్న పాలకొల్లులో మా ఇంటికొచ్చి, "అన్నా, ఖర్చంతా మూడు వాటాలు వేసేసుకున్నాం" అన్నారు. ఐదు నెలలకే ఒకడికి వేరే ఊళ్లో ఉద్యోగం వస్తే ఏం చేస్తారని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చేపల చెరువు వాటాకి చేసే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది తెలిసిన లెక్కే. లీజు డబ్బు రోజులతో పాటు కరిగిపోతుంది, ఏరేటర్లు అమ్మితే ఎంతో కొంత వస్తుంది. ఫ్లాట్‌లో డిపాజిట్ తిరిగొచ్చేది, బ్రోకర్ ఫీజు కరిగిపోయేది, ఫర్నిచర్ ఆ రెండింటికీ మధ్యలోది. మూడూ కలిపి ఒకే అంకె రాసుకున్నారంటే తర్వాత గొడవే.

అద్దె 2,700 డాలర్లు, లీజు ఏడాది అనుకుందాం. న్యూజెర్సీలో డిపాజిట్ సాధారణంగా నెలన్నర అద్దె దాటకూడదు, అంటే 4,050, మనిషికి 1,350. బ్రోకర్‌కి ఒక నెల అద్దె, మనిషికి 900. మంచాలు, సోఫా, టేబుల్ కలిపి 1,440, మనిషికి 480. ఐదు నెలలుండి ఒకడు వెళ్తున్నాడు, వాడి చోటులోకి ఇంకొకడు వస్తున్నాడు.

ఓనర్ మధ్యలో ఒకడి వాటా డిపాజిట్ విడిగా తీసివ్వడు, అందరూ ఖాళీ చేశాకే ఇస్తాడు, కాబట్టి ఆ 1,350 వచ్చేవాడే వెళ్లేవాడికి ఇవ్వాలి. బ్రోకర్ వాటా నెలకి 75 చొప్పున కరుగుతుంది, మిగిలిన ఏడు నెలలకి 525. ఫర్నిచర్ విలువ రెండేళ్లలో సున్నా అని ముందే ఒప్పుకుంటే నెలకి 20 తరుగు, మిగిలేది 380. మొత్తం 2,255. పరుపు మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోండి, దాన్ని వాటాలో కలపొద్దు.

డబ్బు చేతులు మారే రోజే ఇల్లంతా వీడియో తీయండి. నా మొదటి ఫ్లాట్‌లో కార్పెట్ మీద అరచేయంత ఇస్త్రీపెట్టె మచ్చ ఉండేది. అది నేను రాకముందుదే, కానీ నా దగ్గర రుజువు లేదు, కోత నా వాటాలోనే పడింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మచ్చ ముందే కనిపించి ఉంటే వెళ్లేవాడికిచ్చిన 1,350లాంటి మొత్తంలోంచే తగ్గించుకునేవాణ్ణి.

అలాగే లీజులో పేరు మార్పించి, డిపాజిట్‌లో వాటా కొత్తవాడికి వెళ్లిందని ఓనర్‌తో రాయించుకోండి. లేకపోతే చివర్లో చెక్కు ఎప్పుడో వెళ్లిపోయినవాడి పేరుతో కలిపి వస్తుంది, సంతకం కోసం వాడి వెంట తిరగాలి.

మనిషి దొరక్కపోతే? మిగిలిన ఇద్దరూ ఆ 2,255 ఇవ్వక్కర్లేదు. లీజులో ముగ్గురూ ఉమ్మడిగా సంతకం పెడితే ఓనర్ మొత్తం అద్దె ఎవరినైనా అడగొచ్చు, కాబట్టి వెళ్లేవాడు మనిషి దొరికేదాకా తన వాటా అద్దె 900 కడుతూనే ఉండాలి. ఈ ఒక్క షరతూ ఇక్కడ, విమానం ఎక్కకముందే ముగ్గురూ వాట్సాప్ గ్రూపులో రాసి ఒప్పుకోండి.