ఇంట్లో పీనట్ బటర్: పొడిగా మిగిలినా, గట్టిపడినా, నూనె తేలినా కారణాలు, పరిష్కారాలు

వేయించిన పల్లీలు, చిటికెడు ఉప్పు, ఒక మిక్సీ ఉంటే పీనట్ బటర్ తయారవుతుందన్న మాట నిజమే కానీ, మొదటిసారి ప్రయత్నించిన చాలామందికి దక్కేది ఇడ్లీలోకి పనికొచ్చే పల్లీపొడి మాత్రమే. లోపం మిక్సీలో ఉందనుకుని నూనె పోసి, అదీ కుదరకపోతే తేనె పోసి, చివరికి రాయిలాంటి ముద్దను సీసాకెత్తి పెట్టుకుంటారు. నా అనుభవంలో మిక్సీ దగ్గర బయటపడే తప్పుల్లో ఎక్కువభాగం పొయ్యి మీద జరిగినవే. అందువల్ల కింది సమస్యల్లో చాలావాటికి జవాబు వెతుకుతూ పోతే మళ్లీ బాణలి దగ్గరికే చేరుకుంటాము.

సమస్య: ఎంతసేపు తిప్పినా పొడిగానే ఉంది, ముద్ద కావడం లేదు

వేరుశనగ గింజ బరువులో దాదాపు సగం నూనే. ఆ నూనె గింజలోని కణాల్లో సన్నని బిందువులుగా బందీగా ఉంటుంది. బ్లేడు ఆ కణాలను చీల్చి, రాపిడి వేడి నూనెను పలచబరిచినప్పుడే పొడి కాస్తా ముద్దగా, ముద్ద జారుడుగా మారుతుంది. గింజలో తేమ మిగిలి ఉంటే అది పటుక్కున విరగకుండా మెత్తగా సాగుతుంది, కణాలు సరిగా చీలవు, పొడి రేణువులు ఆ తేమతో ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. కాబట్టి మొదట చూడవలసింది వేపుడునే.

దీన్ని కంటితో కన్నా తూకంతో పట్టుకోవడం తేలిక. మార్కెట్లో దొరికే పచ్చి గుళ్లలో సాధారణంగా 5 నుంచి 8 శాతం తేమ ఉంటుంది. సరిగా వేగిన గింజలో ఒకటి రెండు శాతానికి మించి మిగలదు. అంటే అరకిలో గుళ్లు వేయించి చల్లార్చాక తూస్తే అవి సుమారు 470 నుంచి 480 గ్రాముల మధ్య తూగాలి. ఒకసారి నేను తొందరపడి పెద్దమంట మీద ఏడెనిమిది నిమిషాల్లో వేయించి దించేశాను. పొట్టు నల్లమచ్చలతో చక్కగా ఊడింది, వాసన కూడా కమ్మగానే వచ్చింది, అయితే మిక్సీలో పది నిమిషాలు తిప్పినా తడి రవ్వలాంటి పదార్థమే మిగిలింది. మూత తీసి చూస్తే లోపలివైపు సన్నగా ఆవిరి పట్టి ఉంది. మిగిలిన గింజలను రెండుగా చీల్చి చూశాను. అంచు గోధుమరంగు, నడుమ తెల్లగా పచ్చిగా ఉంది. పక్కన పెట్టిన గింజలను తూచి లెక్క వేస్తే అరకిలోకు పట్టుమని పది గ్రాముల బరువు కూడా తగ్గలేదని తేలింది.

ఆ పొడిని పారేయవలసిన పని లేదు. మందపాటి అడుగున్న బాణలిలో వేసి, బాగా సన్నని మంట మీద నాలుగైదు నిమిషాలు ఆపకుండా కలుపుతూ వేడి చేస్తే మిగిలిన తేమ పోతుంది. పొడి గింజ కన్నా చాలా త్వరగా మాడుతుంది కనుక ఆ నాలుగు నిమిషాలూ పొయ్యి దగ్గరి నుంచి కదలకూడదు. ఆవిరి ఆరేదాకా పళ్లెంలో పరిచి, గోరువెచ్చగా ఉన్నప్పుడే మళ్లీ మిక్సీలో వేయాలి. నేను అలాగే చేశాను. ఆ తర్వాత నాలుగు నిమిషాలకే ముద్ద మెరుపు తేలింది.

తేమ సమస్య లేకపోయినా పొడి పొడిగానే ఉంటే, కారణం ఓపిక తక్కువ కావడమో, జార్ పరిమాణం కుదరకపోవడమో అయి ఉంటుంది. 750 వాట్ల మామూలు మిక్సీలో సుమారు 225 గ్రాముల పల్లీలు మధ్యరకం జార్‌లో వేసినప్పుడు మార్పులు ఒక వరుసలో జరుగుతాయి. మొదటి అర నిమిషంలో పొడి అవుతుంది. రెండు నిమిషాల దగ్గర ఆ పొడి జార్ గోడలకు అంటుకుని, బ్లేడు ఖాళీగా తిరుగుతున్న శబ్దం వస్తుంది. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. గరిటెతో గోడలు గీకి కిందికి తోస్తూ పోతే, మూడు నాలుగు నిమిషాలకు లడ్డూ పిండిలా ఒకే ముద్దగా కడుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా వదులై మెరుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది నిమిషాలకు చెంచాతో ఎత్తితే ధారగా జారాలి. ఇది బ్లేడు తిరిగిన సమయమే తప్ప, గడియారం మీద గడిచిన సమయం కాదు. నలభై సెకన్లు తిప్పి, నిమిషం ఆపి, గీకి, మళ్లీ తిప్పాలి. జార్‌లో గింజలు మరీ తక్కువైతే బ్లేడుకు అందవు, సగానికి మించితే పైభాగం కదలదు.

నూనె కలపడం చివరి మార్గంగా పెట్టుకోవాలి. ముద్ద కట్టే దశ దాటాక కూడా బిగుసుగా ఉంటే 225 గ్రాములకు ఒక చెంచా వేరుశనగ నూనె చాలు. పొడి దశలోనే నూనె పోస్తే పని అప్పటికి జరిగినట్టు కనిపిస్తుంది కానీ, సీసాలో తేలబోయే నూనెను మనమే అదనంగా పోసినట్టవుతుంది.

సమస్య: మిక్సీ ఆగిపోయింది, లేదా కాలిన వాసన వస్తోంది

ముద్ద కట్టే దశలో మోటారు మీద భారం అన్నింటికన్నా ఎక్కువ. వేడెక్కినప్పుడు చాలా మిక్సీలు తమంతట తామే ఆగిపోతాయి. అడుగున ఉండే చిన్న మీటను, సాధారణంగా ఎర్రగా ఉంటుంది, పావుగంట చల్లారనిచ్చి నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. జార్ చేతికి చురుక్కుమంటే ఆపవలసిన సమయం వచ్చిందని అర్థం.

సమస్య: రుచి చేదుగా, లేదా పచ్చిగా, వగరుగా ఉంది

పచ్చివాసన వేపుడు తక్కువైనందువల్ల, చేదు మాడినందువల్ల, వగరు పొట్టు మిగిలిపోయినందువల్ల వస్తాయి. ఈ మూడింటిలో మాడిన చేదుకు మాత్రం మందు లేదు. బెల్లం, ఉప్పు ఎంత కలిపినా అది నాలుక చివర నిలిచే ఉంటుంది. అందువల్ల వేపుడు గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

అరకిలో గుళ్లను మందపాటి బాణలిలో మధ్యరకం మంట మీద మూడు నిమిషాలు వేడెక్కించి, తర్వాత మంట తగ్గించి, మొత్తం మీద పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు కలుపుతూ వేయించాలి. ఓవెన్ ఉన్నవారు 160 డిగ్రీల దగ్గర అంతే సమయం, నడుమ రెండుసార్లు కదిపి వేయించుకోవచ్చు. చిటపటలు జోరందుకుని మళ్లీ సన్నగిల్లడం మొదలయ్యాక పరీక్షించాలి. వేడి గింజ ఎంత వేగినా మెత్తగానే ఉంటుంది కనుక ఒక గింజను తీసి నిమిషం పాటు చల్లారనిచ్చి కొరకాలి. చీల్చినప్పుడు లోపలి ముఖం అంచు నుంచి నడుమ దాకా ఒకేలా లేత బంగారు రంగులో ఉంటే దించేయవచ్చు. దించాక కూడా బాణలి వేడికి గింజ వేగుతూనే ఉంటుంది, కాబట్టి ఆ రంగుకు ఒక మెట్టు ముందుగానే దించి వెంటనే చాటలోకి పోయాలి. పొట్టు నలిపి చెరిగేదీ ఆ చాటలోనే. అరకిలోకు సుమారు 15 గ్రాముల పొట్టు పోతుంది. ఇంట్లో పిల్లలుంటే తూకం ఇంకా తగ్గవచ్చు, దానికి తేమ కారణం కాదు.

చెరిగేటప్పుడే నల్లబడినవి, ముడతలు పడినవి, బూజు జాడ ఉన్నవి ఏరేయాలి. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం ఉండే అవకాశం ఉంది, అది వేపుడు వేడికి పూర్తిగా నశించదు, మెత్తగా రుబ్బాక దాన్ని గుర్తుపట్టే మార్గమూ ఉండదు. అసలు ఏరే పనంతా వేయించకముందే ఒకసారి, తర్వాత ఒకసారి చేయడం మంచిది.

సమస్య: తేనె లేదా బెల్లం పాకం వేయగానే గట్టిపడింది

పీనట్ బటర్ అంటే నూనెలో తేలుతున్న పొడి రేణువులు. అందులోకి కొద్దిపాటి నీరు చేరినా, నూనెను వదిలి రేణువులు నీటిని పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తేనెలోనూ, పాకంలోనూ నీరుంటుంది. కడిగి సరిగా తుడవని జార్‌లోనూ ఉంటుంది. తీపి కావలసినవారు పొడి చక్కెరనో, బాగా ఆరిన బెల్లం పొడినో చివరి నిమిషంలో వేసి తిప్పాలి. తేనె రుచే కావాలంటే తినేటప్పుడు రొట్టె మీద పోసుకోవాలి. ఇప్పటికే గట్టిపడిన దానికి గోరువెచ్చని నూనె ఒక్కో చెంచా కలిపి తిప్పితే కొంత వదులవుతుంది కానీ పాత జారుడు రాదు. దాన్ని ఉండలు చుట్టుకుని రెండు మూడు రోజుల్లో తినేయడమే మేలని నా అభిప్రాయం.

సమస్య: రెండు రోజులకే నూనె పైకి తేలింది, అడుగున గట్టిగా ఉంది

ఇది పాడవడం కాదు. రేణువులు నూనె కన్నా బరువైనవి కాబట్టి నెమ్మదిగా కిందికి దిగుతాయి. రేణువు ముతకగా ఉన్నకొద్దీ, గది వేడిగా ఉన్నకొద్దీ అది త్వరగా జరుగుతుంది. దుకాణంలో కొన్న సీసాలో చాలావాటికి ఇలా జరగదు, ఎందుకంటే వాటిలో కొద్ది శాతం గట్టి కొవ్వు, ఎక్కువగా హైడ్రోజనీకరించిన నూనె, కరిగించి కలుపుతారు. అది చల్లారి స్ఫటికాల వలలా ఏర్పడి నూనెను పట్టి ఉంచుతుంది. దాని బదులు కొబ్బరినూనె వాడమనే సలహా తరచుగా వినిపిస్తుంది. కొబ్బరినూనె 25 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు అది ద్రవమే. ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తుంది, అయితే అప్పుడు నూనెను పట్టి ఉంచుతున్న ఘనత ఫ్రిజ్‌దే.

తేలిన నూనెను వంపేస్తే మాత్రం అడుగుభాగం చాకుతో తవ్వుకోవలసినంత గట్టిపడుతుంది. మూత బిగించి సీసాను ఒక రాత్రి తలకిందులుగా ఉంచి, పొద్దున చెంచా కాడతో అడుగు నుంచి పైకి లేపుతూ కలపాలి. కలిసిన వెంటనే ఫ్రిజ్‌లో పెడితే నూనె చిక్కబడి రేణువులు దిగడం బాగా నెమ్మదిస్తుంది. అసలు ఈ బాధ తగ్గాలంటే చివరి రెండు నిమిషాలు మానకుండా మెత్తగా రుబ్బడమే ఇంట్లో చేయగలిగిన పని.

సమస్య: వాసన మారింది

కనరు వాసన, నూనె మరకలు పట్టిన పాత డబ్బాలో వచ్చేలాంటిది, నూనె గాలితో కలిసి ఆక్సీకరణం చెందినందువల్ల వస్తుంది. రుబ్బినప్పుడు నూనె అంతా గాలికి తగులుతుంది కనుక గింజ కన్నా ముద్ద త్వరగా కనరెక్కుతుంది. వెలుతురు, వేడి దాన్ని తొందరపెడతాయి. కనరెక్కిన దాన్ని బాగుచేయలేము, పారేయాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల నూనెలో ఒలియిక్ ఆమ్లం దాదాపు 80 శాతం ఉంటుంది, అలాంటి నూనె ఆక్సీకరణను చాలాకాలం తట్టుకుంటుంది. కిరాణా దుకాణంలో మాత్రం సాధారణంగా రకం పేరు చెప్పరు కాబట్టి, కొత్త పంట గుళ్లను చూసి కొనడమే మన చేతిలో ఉన్న జాగ్రత్త.

బూజు అరుదు. అది కనిపించిందంటే తడి చెంచా పడిందనో, సీసా పూర్తిగా ఆరకముందే నింపారనో అర్థం. పైపొర తీసేసి మిగతాది తినకూడదు. సీసాను కడిగి, రోజంతా ఎండలో ఆరబెట్టి, ముద్ద పూర్తిగా చల్లారాక అంచు దాకా నింపాలి. ఎండాకాలంలో బయట పెడితే రెండు మూడు వారాలు, ఫ్రిజ్‌లో రెండు మూడు నెలలు నిలుస్తుంది. ఒక పెద్ద సీసా కన్నా 200 గ్రాముల సీసాలు రెండు నయం, రెండోదాని మూత అవసరం పడేదాకా తెరవనక్కర లేదు.